డబ్బు ఫోనులో ఉండదు: 90 సెకన్ల వీడియోకు మూడుసార్లు రాసిన స్క్రిప్టు

ఒక బ్యాంకు తన శాఖల్లో ప్రదర్శించడానికి చిన్న యానిమేషన్ వీడియో చేయించింది. స్మార్ట్‌ఫోను ఉన్నా దాంతో ఎన్నడూ డబ్బు పంపని వాళ్లకు, యూపీఐ యాప్‌తో డబ్బు ఎలా పంపాలో అందులో చెప్పాలి. నిడివి 90 సెకన్లు. తెలుగు స్క్రిప్టు నేను రాశాను. పాసుపుస్తకంలో లెక్కలు ముద్రించుకోవడానికి వరుసలో నిలబడ్డవాళ్లు గోడ మీది టీవీలో దాన్ని చూస్తారు. శాఖలో సందడి ఎక్కువ, టీవీ శబ్దం తక్కువ. ఈ సంగతికి మొదట్లో నేను ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు. మాట వినిపించనప్పుడు బొమ్మే పాఠం చెబుతుంది. బొమ్మ తప్పు చెబితే, సరైన మాట పక్కనే ఉన్నా దాన్ని ఆపలేదు.

కథ సులువైనదే. ఊళ్లో ఉన్న అమ్మ హైదరాబాదు హాస్టల్లో ఉన్న కొడుక్కి 500 రూపాయలు పంపాలి. మొదటి చిత్తుప్రతిలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

బొమ్మ: అమ్మ ఫోను తెర మీద 500 రూపాయల నోటు. అమ్మ వేలితో తాకగానే నోటుకు రెక్కలు వస్తాయి. పొలాలు, రైలు పట్టాలు దాటి ఎగిరి కొడుకు ఫోనులోకి దూరుతుంది.
గొంతు: మీ ఫోను నుంచి మీవాళ్ల ఫోనుకు, క్షణంలో డబ్బు!

ఇలాంటి బొమ్మ మీరు కూడా చూసే ఉంటారు. చూడముచ్చటగా ఉంటుంది, అందరికీ నచ్చుతుంది. బ్యాంకు వాళ్లు కూడా వెంటనే ఒప్పుకున్నారు. అయితే పూర్తి యానిమేషన్ చేయించే ముందు, కదలని బొమ్మలకు నా గొంతే కలిపి ఒక చిత్తు వీడియో తయారు చేసుకుని, గుంటూరు జిల్లాలోని ఒక ఊళ్లో పొదుపు సంఘం మహిళలకు చూపించాను. వీడియో అయ్యాక "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే ఎదుటివాళ్లను నొప్పించడం ఇష్టం లేక అందరూ అర్థమైందనే అంటారు. దానికి బదులు మూడు ప్రశ్నలు వేశాను. ఈ అమ్మ ఫోను కాలవలో పడిపోతే ఆమె డబ్బు ఏమవుతుంది? కొడుకు ఫోను ఆపేసి ఉంటే 500 చేరతాయా? ఎవరో ఫోను చేసి "మీకు 2,000 రూపాయలు వచ్చాయి, తీసుకోవడానికి పిన్ నొక్కండి" అంటే ఏం చేయాలి?

మొదటి ప్రశ్నకు చాలామంది, ఫోనుతోపాటు డబ్బూ పోతుందన్నారు. రెండోదానికి, ఫోను ఆపేసి ఉంటే డబ్బు వెనక్కి వచ్చేస్తుందని కొందరు, దారిలోనే ఎక్కడో ఆగిపోతుందని కొందరు అన్నారు. మూడోదానికి ఒకావిడ, "నొక్కాలి కదా, నొక్కకపోతే ఎలా వస్తాయి?" అని తిరిగి నన్నే అడిగింది. ఆమె జవాబులో తర్కానికి లోటేమీ లేదు. నోటు ఫోనులోంచి ఫోనులోకి వెళ్లడం నేనే చూపించాను. డబ్బు లోపలికి రావాలంటే ఫోను యజమాని ఏదో ఒక తలుపు తీయాలని ఆమె అనుకోవడం సహజం. మోసగాడు ఆశించేదీ సరిగ్గా ఆ ఊహనే. ఆ ఊహకు పునాది నా బొమ్మ వేసింది.

అక్కడితో రెక్కల నోటును తీసేశాను.

రెండో ప్రతికి కూర్చునే ముందు, అసలు లోపల ఏం జరుగుతుందో ఒక కాగితం మీద రాసుకున్నాను. అమ్మ డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో ఉంది. యాప్ చేసే పని, ఆమె ఆదేశాన్ని బ్యాంకుకు చేరవేయడం మాత్రమే. ఆ ఆదేశం ఎన్‌పీసీఐ అనే జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే యూపీఐ వ్యవస్థ గుండా వెళ్తుంది. 2016లో మొదలైన ఈ వ్యవస్థ రెండు బ్యాంకుల మధ్య కబుర్లు నడుపుతుంది. ముందుగా అమ్మ బ్యాంకు పిన్ సరిచూసుకుని ఆమె ఖాతాలో 500 తగ్గిస్తుంది. ఆ తర్వాత కొడుకు బ్యాంకు అతని ఖాతాలో 500 కలుపుతుంది. చివరగా ఇద్దరి ఫోన్లకూ కబురు వస్తుంది. కొడుకు ఫోను ఆపేసి ఉన్నా డబ్బు చేరడానికి అడ్డం లేదు, ఆగేది ఆ కబురే. తగ్గించడం ముందు, కలపడం తర్వాత అనే ఈ వరుసను గుర్తుంచుకోండి. వీడియోలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన మరో ఘట్టానికి ఇదే మూలం.

దీన్ని ఏ పోలికతో చెప్పాలి? మొదట తట్టింది మనియార్డరు. పెద్దవాళ్లకు బాగా తెలిసినదే. కానీ మనియార్డరులో పోస్ట్‌మాన్ నగదు తెచ్చి చేతిలో పెట్టి సంతకం చేయించుకుంటాడు. అంటే తీసుకునేవాడు సంతకం పెట్టాలి. నేను చెరిపేయాలనుకున్న ఊహనే అది మరింత గట్టిపరుస్తుంది. అందుకే వదిలేశాను. తర్వాత బ్యాంకులో నింపే విత్‌డ్రాయల్ ఫారం దగ్గరికి వచ్చాను. వీడియో చూసేవాళ్లు నిలబడేది ఆ ఫారాల బల్ల పక్కనే. అందులో సంతకం పెట్టేది డబ్బు తీసేవాళ్లు, వేసేవాళ్లు కాదు. రెండో ప్రతి ఇలా తయారైంది:

బొమ్మ: అమ్మ ఊళ్లో బ్యాంకు, హైదరాబాదులో కొడుకు బ్యాంకు. రెండింటిలోనూ వాళ్ల వాళ్ల పేర్లతో పాసుపుస్తకాలు. అమ్మ చేతిలోని ఫోను ఖాళీగా ఉంటుంది, అందులో నోట్లు కనిపించవు.
గొంతు: మీ డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, ఫోనులో కాదు. ఫోనుతో మీరు బ్యాంకుకు చీటీ రాస్తున్నారు.
బొమ్మ: ఫోను నుంచి విత్‌డ్రాయల్ ఫారంలాంటి చిన్న చీటీ బ్యాంకుకు వెళ్తుంది. అమ్మ పాసుపుస్తకంలో 500 తగ్గుతుంది. ఒక్క క్షణం ఆగి, కొడుకు పాసుపుస్తకంలో 500 పెరుగుతుంది. కొడుకు ఫోను పక్కన ఛార్జింగ్‌లో, తెర నల్లగా ఉంటుంది.
గొంతు: మీ ఖాతాలో తగ్గింది. అబ్బాయి ఖాతాలో చేరింది.

ఆ నల్లని తెర గురించి గొంతు ఒక్క మాట కూడా చెప్పదు. అయినా తర్వాత చూసినవాళ్లలో ఎవరూ "ఫోను ఆపేసి ఉంటే డబ్బు చేరదు" అనలేదు. ఒక వాక్యం చేయవలసిన పనిని మూలన ఉన్న చిన్న బొమ్మ చేసింది. ఫోను కాలవలో పడితే సంగతి కూడా అలాగే తేలిపోయింది. డబ్బు బ్యాంకులో ఉందని చెప్పేశారు.

పిన్ సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తేలలేదు. మొదటిసారి యాప్ వాడేవాళ్లకు ఒకేసారి నాలుగు రహస్య సంఖ్యలు ఎదురవుతాయి. ఫోను తాళం తెరిచేది ఒకటి, ఏటీఎం పిన్ ఒకటి, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ ఒకటి, యూపీఐ పిన్ మరొకటి. స్క్రిప్టులో వట్టిగా "పిన్" అని రాస్తే వినేవాళ్లు తమకు తెలిసిన ఏటీఎం పిన్‌నే తలచుకుంటారు. అందుకే ప్రతిచోటా "యూపీఐ పిన్" అనే రాశాను. అది నాలుగు లేదా ఆరు అంకెలదని, మీరే పెట్టుకునేదని ఒకసారి చెప్పించాను. మరో సౌలభ్యం కూడా ఉంది. యూపీఐ పిన్ అడిగే పేజీ ఏ యాప్‌లో తెరిచినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎందుకంటే దాన్ని యాప్ సొంతంగా తయారు చేసుకోదు, ఎన్‌పీసీఐ ఇచ్చిన భాగాన్నే అన్ని యాప్‌లూ వాడతాయి. కాబట్టి ఆ పేజీని గుర్తుపట్టడం నేర్పితే, రేపు యాప్ మార్చినా ఆ పాఠం చెల్లుతుంది. తెర మీద కనిపించే `ENTER UPI PIN` అనే అక్షరాలను అలాగే ఉంచి, మూడు సెకన్లు కదలకుండా నిలిపాం. ఇంగ్లీషు చదవలేనివాళ్లకు అది ఒక బొమ్మలా గుర్తుండిపోవాలని.

మోసం గురించి బ్యాంకు ఇచ్చిన వాక్యం, "మీ పిన్‌ను ఎవరికీ చెప్పకండి." మంచి మాటే. కానీ మా మూడో ప్రశ్నకు అది జవాబు కాదు. మోసగాడు పిన్ చెప్పమని అడగడు, మీ ఫోనులో మీరే నొక్కండి అంటాడు. ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడకుండా నొక్కి డబ్బు పోగొట్టుకుంటారు. పైగా ఆ హెచ్చరికను తాము పాటించామనే అనుకుంటారు.

అప్పుడు, "యూపీఐ పిన్ నొక్కితే మీ డబ్బు బయటికి వెళ్తుంది" అని రాశాను. గట్టిగా ఉంది, చిన్నగా ఉంది. కానీ నిజం కాదు. ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి కూడా పిన్ కావాలి. వీడియో చూసిన మనిషి ఇంటికి వెళ్లి నిల్వ చూసుకోబోతే పిన్ అడుగుతుంది. డబ్బు పోతుందేమోనని భయపడి యాప్ మూసేస్తుంది. లేదా ధైర్యం చేసి నొక్కుతుంది, డబ్బు పోదు, మా వాక్యం అబద్ధమని తేలుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఒకసారి అబద్ధమని తేలిన హెచ్చరికను అవసరమైనప్పుడు ఎవరూ లెక్క చేయరు.

ఈ ముడిని విప్పింది నేను కాదు. రెండో ప్రతిని నిజామాబాద్ దగ్గర ఒక ఊళ్లో చూపిస్తున్నప్పుడు, విత్‌డ్రాయల్ ఫారం బొమ్మ చూసిన ఒక పెద్దావిడ తన పక్కనున్న కోడలికి ఇలా చెప్పింది: "గుడి హుండీలాగనే కదమ్మా. వేసేటందుకు తాళంచెవి అడుగుతారా? తెరిచేటందుకే అడుగుతారు." అంతే. డబ్బు తీయాలన్నా, లెక్క చూడాలన్నా హుండీ తెరవాల్సిందే. వేయడానికి మాత్రం ఎవరికీ తాళంచెవి అక్కర్లేదు. నిల్వ చూసే విషయంలో నాకు ఎదురైన చిక్కు కూడా ఆ పోలికలో ఇమిడిపోయింది. నెల రోజులుగా నేను వెతుకుతున్నది ఆమెకు ఒక్క క్షణంలో దొరికింది.

శాఖల్లో అన్ని మతాలవాళ్లూ చూస్తారు కాబట్టి గుడి బొమ్మ వేయలేదు. పైన సందు ఉండి, ముందు తాళం వేసిన డబ్బుల పెట్టె వేశాం. అటువంటి పెట్టె దుకాణాల్లోనూ దర్గాల్లోనూ చర్చిల్లోనూ ఉంటుంది. చివరికి నిలిచిన స్క్రిప్టు ఇది:

బొమ్మ: తాళం వేసిన పెట్టె మీద అమ్మ పేరు. పైసందులోంచి ఎవరివో చేతులు నాణేలు వేసి వెళ్తాయి. అమ్మ కూరగాయలు తరుగుతూ ఉంటుంది, తల కూడా ఎత్తదు.
గొంతు: మీ ఖాతాలో ఎవరైనా డబ్బు వేయవచ్చు. అందుకు మీరు ఏమీ నొక్కనక్కర్లేదు.
బొమ్మ: అమ్మ తాళంచెవితో పెట్టె తెరిచి నాణేలు లెక్కపెడుతుంది. 500 తీసి పక్కన పెడుతుంది. తాళంచెవి మెల్లగా మారి యూపీఐ పిన్ పేజీ అవుతుంది.
గొంతు: డబ్బు తీయాలన్నా, ఎంత ఉందో చూడాలన్నా యూపీఐ పిన్ కావాలి. అదే మీ తాళంచెవి.
బొమ్మ: ఫోను మోగుతుంది. అవతల ముఖం కనిపించని మనిషి. పిన్ పేజీ తెరుచుకుంటుంది. అమ్మ వేలు అంకెల మీదికి వెళ్లి ఆగుతుంది. పెట్టె వైపు చూస్తుంది. ఫోను పెట్టేస్తుంది.
గొంతు: డబ్బు వస్తుంది, పిన్ నొక్కండి అంటే అది మోసం.

వేలు ఆగే ఆ రెండు సెకన్లలో గొంతు, సంగీతం రెండూ ఉండవు. యానిమేషన్ చేసే మిత్రుడు అక్కడ ఎర్రని గుర్తు పెట్టి గంట మోగిద్దామన్నాడు. నేను వద్దన్నాను. నిజంగా అటువంటి ఫోను వచ్చినప్పుడు గంట మోగదు. ఆగవలసింది ఆ మనిషి వేలే కాబట్టి, చూపించవలసిందీ అదే.

ఈ ప్రతి మీద ఒక అభ్యంతరం వచ్చింది. ఒక వ్యక్తి మరో వ్యక్తిని యాప్‌లో డబ్బు అడిగే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది కదా, ఇక ఈ హెచ్చరిక ఎందుకన్నారు. అభ్యర్థన ఒక దారి మాత్రమే. "ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీకు డబ్బు వస్తుంది" అనడం ఇంకో దారి. స్కాన్ చేయడమంటే డబ్బు ఇవ్వడానికి సిద్ధపడటమే అయినా, కొత్తవాళ్లకు ఆ సంగతి తెలియదు. దారులు మూసుకుంటాయి, కొత్తవి తెరుచుకుంటాయి. అందుకే మోసం పద్ధతుల్లో దేన్నీ పేరు పెట్టి చెప్పలేదు. చిన్న మొత్తాలను పిన్ లేకుండా చెల్లించే యూపీఐ లైట్ గురించి కూడా చెప్పమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. అది చేరిస్తే "పంపాలంటే పిన్ కావాలి" అన్న మాట పక్కన ఒక మినహాయింపు వచ్చి కూర్చుంటుంది. యూపీఐ లైట్‌ను వాడేవాళ్లు తామే కోరి ఏర్పాటు చేసుకోవాలి. మొదటి రోజున అది తెలియకపోయినా నష్టం లేదు. "రావడానికి పిన్ అక్కర్లేదు" అన్న మాట మాత్రం యాప్ ఏదైనా, పద్ధతి ఏదైనా మారదు. వీడియో బరువంతా ఆ మాట మీదే పెట్టాను.

ఇక ముందు చెప్పిన మరో ఘట్టం. ఖాతాలో తగ్గించడానికీ, అవతలి ఖాతాలో కలపడానికీ మధ్య ఎక్కడైనా ఆగితే తెర మీద `Pending` అని వస్తుంది. అప్పుడు అమ్మ ఏం చేస్తుంది? కొడుకుకు ఫోను చేస్తుంది. రాలేదంటాడు. మళ్లీ పంపుతుంది. కాసేపటికి మొదటిదీ చేరుతుంది, రెండోదీ చేరుతుంది. కొడుకు కాబట్టి సరిపోయింది. అదే ఎరువుల దుకాణమైతే వెనక్కి అడిగి తెచ్చుకోవాలి.

మొదటి ప్రతిలో "కంగారు పడకండి, వేచి ఉండండి" అని రాశాను. ఎంతసేపు? వీడియో చూసినవాళ్లందరూ అదే అడిగారు. గడువు చెప్పకుండా ఆగమంటే ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. గడువు ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో ఒకరి ఖాతాలో తగ్గి మరొకరి ఖాతాలో చేరకపోతే, మరుసటి రోజు లోపు ఆ డబ్బు తనంతట తానే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. దుకాణాలకు చేసే చెల్లింపుల్లో, డబ్బు తగ్గినా దుకాణదారుకు ఖరారు కబురు అందకపోతే గడువు అయిదు రోజులు. రెండు గడువులూ చెబితే రెండూ గుర్తుండవు కాబట్టి, మా కథకు వర్తించే ఒక్క రోజునే ఉంచాను:

గొంతు: మధ్యలో ఆగిందా? మళ్లీ పంపకండి. రేపటిలోగా అబ్బాయికి చేరుతుంది, లేదా మీ ఖాతాకే తిరిగి వస్తుంది. రాకపోతే ఈ సంఖ్య చూపించి మీ బ్యాంకులో అడగండి.
బొమ్మ: గోడ మీద తారీకు కాగితం ఒకటి చిరుగుతుంది. అమ్మ పాసుపుస్తకంలో 500 తిరిగి పడుతుంది. తర్వాత ఫోను తెర మీద లావాదేవీ సంఖ్య చుట్టూ గీత.

"బ్యాంకులో అడగండి" అన్న చోట కస్టమర్ కేర్ నంబరు వెతకమని రాయకపోవడానికి గట్టి కారణం ఉంది. డబ్బు ఆగిపోయిన ఆందోళనలో ఇంటర్నెట్‌లో నంబరు వెతికేవాళ్ల కోసమే దొంగ నంబర్లు పెట్టి కూర్చునేవాళ్లున్నారు. పాసుపుస్తకం మీదా, ఏటీఎం కార్డు వెనకా ఉండే నంబరు చాలు. డబ్బు మోసంలో పోతే ఫోను చేయవలసిన 1930ని మాత్రం చివరి తెర మీద పెద్ద అంకెల్లో పెట్టాం.

పేరు సరిచూసుకోవడం గురించి ఒక చిన్న ఘట్టం ఉంది. పంపే ముందు తెర మీద అవతలివారి పేరు, బ్యాంకులో నమోదైనట్టుగా కనిపిస్తుంది. మనవైపు పిలిచే పేరు ఒకటి, బ్యాంకు పేరు ఒకటి. ఊరంతా శీను అనే మనిషి తెర మీద `SRINIVASA RAO K` అవుతాడు. పేరు సరిపోలలేదని సరైన మనిషికే డబ్బు పంపకుండా ఆగిపోయినవాళ్లున్నారు. ఎలాగూ అర్థం కాదని చూడకుండానే పంపేసేవాళ్లూ ఉన్నారు. అందుకని వీడియోలో అమ్మ ముందు ఒక్క రూపాయి పంపి, "వచ్చిందా నాన్నా?" అని ఫోనులో అడుగుతుంది. వచ్చిందన్నాకే మిగతా 499 పంపుతుంది. చదువు రానివాళ్లకు కూడా పేరు సరిచూసుకునే దారి ఇదే.

యాప్‌ను మొదటిసారి సిద్ధం చేసుకునే భాగాన్ని ఈ వీడియోలోంచి పూర్తిగా తీసేశాను. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ అదే ఫోనులో ఉండాలి, యాప్ ఆ ఫోను నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది కాబట్టి రీఛార్జి అయి ఉండాలి, యూపీఐ పిన్ పెట్టుకోవడానికి ఏటీఎం కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కావాలి లేదా ఆధార్ ఓటీపీ కావాలి. ఇదంతా ఒక్కసారి చేసే పని, సాధారణంగా ఎవరో పక్కన కూర్చుని చేయిస్తారు. దానికి గోడ మీది టీవీ కంటే బల్ల మీద ఉంచే ఒక పేజీ కాగితం మేలని బ్యాంకును ఒప్పించాను. తొలి 24 గంటల్లో 5,000 రూపాయలకు మించి పంపలేరన్న సంగతి కూడా ఆ కాగితం మీదే రాశాం. లేకపోతే మొదటి రోజే హాస్టల్ ఫీజు కట్టబోయి, యాప్ చెడిపోయిందనుకుంటారు.

మాటలు 200 దాటిన మొదటి ప్రతి, చివరికి 140 దగ్గర ఆగింది. తెలుగులో నిమిషానికి 100 మాటలు చెబితేనే పెద్దవాళ్లు హాయిగా వినగలరని నా అనుభవం. 90 సెకన్లకు 150 వస్తాయి. ఆ మిగిలిన పది మాటల చోటును వేలు ఆగే ఘట్టానికీ, తారీకు కాగితం చిరిగే ఘట్టానికీ ఇచ్చాం. గొంతు ఇచ్చిన అమ్మాయి మొదట "500" అన్న అంకెను చూసి ఇంగ్లీషులో చదివింది. రికార్డింగ్ ప్రతిలో అన్ని అంకెలనూ "అయిదు వందల రూపాయలు" అని అక్షరాల్లో రాసి మళ్లీ చదివించాం.